మీటింగ్ బోర్డు ఫోటో నుంచి నోట్సు రాయాలి, కొన్ని చోట్ల చదవలేకపోతున్నా. ఏం చేయాలి?

బెజవాడ పల్లవి | సోమవారం, సాయంత్రం 5:42

అందరికీ నమస్తే. మాది పచ్చళ్ళ యూనిట్, విజయవాడ దగ్గర. నేను చేరి రెండు నెలలైంది. ఈ రోజు మధ్యాహ్నం కొత్త ఆవకాయ ఏ ఊరికి ఎన్ని సీసాలు పంపాలో మీటింగ్ జరిగింది. మొత్తం వైట్‌బోర్డు మీదే రాశారు. అందరూ లేచి వెళ్ళాక నేను ఒక ఫోటో తీసుకున్నాను. అది తీసిన ఐదు నిమిషాలకే మా ఆఫీస్ బాయ్ వచ్చి బోర్డు శుభ్రంగా తుడిచేశాడు.

ఇప్పుడు సార్ ఆ ఫోటో చూసి నీట్‌గా నోట్సు చేసి రేపు పొద్దున్నకి అందరికీ పంపమన్నారు. ఫోటోలో ట్యూబ్‌లైట్ వెలుగు ఒక పట్టీలా పడింది. ఆ పట్టీ కింద ఒక అంకె అస్సలు కనపడటం లేదు. ఒక మూల సగం చెరిగిపోయిన రాతలున్నాయి. ఒక బాణం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కొత్తగా చేరాను కదా, "సార్ అది చదవలేకపోయాను" అంటే ఏమనుకుంటారోనని టెన్షన్. అంచనా వేసి రాసేయనా? లేక ఆ లైన్లు వదిలేయనా?

---

తుడుపుగుడ్డ | సోమవారం, సాయంత్రం 5:58

అమ్మా, బోర్డు మీద సగం చెరిగిన మరకలు మామూలు డస్టర్‌తో పోవు. మెడికల్ షాపులో స్పిరిట్ దొరుకుతుంది. దూదికి కాస్త అద్ది తుడిస్తే కొత్త బోర్డులా మెరుస్తుంది. మా ట్యూషన్ సెంటర్‌లో ఎనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి.

---

బెజవాడ పల్లవి | సోమవారం, సాయంత్రం 6:01

థాంక్సండీ, కానీ నా సమస్య బోర్డు చెరగకపోవడం కాదు, చెరిగిపోవడం 😅

---

స్కాన్‌రాజా | సోమవారం, సాయంత్రం 6:10

ఇంత దానికి టెన్షన్ ఎందుకు? ఫోన్‌లో ఏదైనా స్కానర్ యాప్ వేసుకోండి. వైట్‌బోర్డు మోడ్ ఉంటుంది. బోర్డు వంకరగా ఉంటే సరిచేస్తుంది, వెనకాల తెల్లగా చేస్తుంది, అక్షరాలు నల్లగా దిట్టంగా వస్తాయి. నేను కాలేజీ బోర్డులన్నీ అలాగే దాచుకున్నాను. ఫోటో ఇక్కడ పెట్టండి, నేనే చేసి ఇస్తా.

---

బెజవాడ పల్లవి | సోమవారం, సాయంత్రం 6:25

ఫోటో మొత్తం పెట్టలేను, ఆఫీసు లెక్కలు కదా. వెలుగు పడిన చోటు మాత్రం కత్తిరించి పెడుతున్నాను.

(కత్తిరించిన ఫోటో: "విజయవాడ – 1", దాని పక్కన తెల్లటి పట్టీ, తర్వాత "00". పట్టీ పై అంచులో చిన్న గుండ్రటి గీత.)

---

స్కాన్‌రాజా | సోమవారం, సాయంత్రం 6:33

చేశాను. స్పష్టంగా 8. విజయవాడ 1,800. పని అయిపోయింది 👍

---

మినిట్స్ మూర్తి | సోమవారం, రాత్రి 7:15

పల్లవి గారూ, ఆగండి. నేను ఇరవై ఏళ్ళుగా సైటు మీటింగులకు మినిట్స్ రాస్తున్నాను, బోర్డు ఫోటోలు చూసి రాసినవే ఎక్కువ.

ముందు ఆ 8 సంగతి. వెలుగు నేరుగా తిరిగి కొట్టిన చోట ఫోటోలో ఉన్నది ఉత్త తెలుపు. దాని వెనక అంకె దాగి లేదు, కెమెరా దాన్ని అసలు పట్టలేదు. లేనిదాన్ని ఏ ఫిల్టరూ తేలేదు. స్కానర్ యాప్ చేసేదేమిటంటే పలచటి గీతల్లో కొన్నిటిని దిట్టంగా నల్లగా చేస్తుంది, కొన్నిటిని మొత్తానికి తుడిచేస్తుంది. అందుకే ఎడమ గీత పలచబడిన 8 ఒక్కోసారి 3 అయి కూర్చుంటుంది. అసలు ఫోటోలో మీకు కనీసం అనుమానం మిగులుతుంది, యాప్ నుంచి వచ్చిన బొమ్మలో ఆ అనుమానం కూడా మాయమవుతుంది. నాకు దానితో ఉన్న పేచీ అదే. అందరికీ పంపడానికి శుభ్రం చేసిన ఫోటో బాగుంటుంది, అంకెలు చదవడానికి మాత్రం అసలు ఫోటోనే పెద్దది చేసుకుని చూడాలి.

రెండోది. నోట్సు రాయడం ఇప్పుడే మొదలుపెట్టకండి. ముందు బోర్డు మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు, ఎడమ నుంచి కుడికి, ఒక కాగితం మీదకి దించండి. కొట్టివేతలు, బాణాలు, రంగులు అన్నీ. అర్థం చేసుకోవడం, వరుస పెట్టడం తర్వాత సంగతి. రెండూ ఒకేసారి చేస్తే మన బుర్ర ఖాళీలను తనకు తోచినట్టు నింపేస్తుంది, ఎక్కడ నింపిందో మనకే గుర్తుండదు. అలా దించింది ఇక్కడ పెట్టగలరా? ఊళ్ళ పేర్లు, అంకెలు పెడితే మీ సార్‌కి అభ్యంతరం ఉండదనుకుంటే.

---

స్కాన్‌రాజా | సోమవారం, రాత్రి 7:22

మూర్తి గారూ, నాకైతే 8 అనే కనిపిస్తోంది. పందెం 😄

---

బెజవాడ పల్లవి | సోమవారం, రాత్రి 8:40

సార్‌ని ఫోన్ చేసి అడిగాను, ఊళ్ళు, సీసాల లెక్క వరకు పర్వాలేదన్నారు. ఉన్నది ఉన్నట్టు దించాను:

```
ఎడమ వైపు (నీలం పెన్ను):
  హైదరాబాద్ – 2,400
  విజయవాడ – 1_00      (వెలుగు పడింది)
  వైజాగ్ – 900
  బెంగళూరు – 650       (ఎర్ర పెన్ను, కింద ఏదో ఉంది)
  మొత్తం – 5,750

మధ్యలో:
  లేబుల్ ప్రూఫ్ – మంగళ
  ర – శుక్ర
  నూనె రేటు ?
  2 విడతలు  <---  (బాణం విజయవాడ, వైజాగ్ లైన్ల మధ్య నుంచి)

కుడి కింద మూల (సగం చెరిగింది):
  ...మూతలు 12,0..
```

---

లెక్కల మాస్టారు | సోమవారం, రాత్రి 8:52

ఇందులో కష్టమేముందమ్మా! మొత్తం రాసి ఉంది కదా. తెలిసినవి మూడూ కలిపితే 2,400, 900, 650... 3,950. మొత్తం 5,750లోంచి తీస్తే 1,800. మన స్కాన్‌రాజా చెప్పిందే కరెక్టు. బోర్డే తన లెక్క తాను చెబుతోంది. హాయిగా రాసేయండి.

---

స్కాన్‌రాజా | సోమవారం, రాత్రి 8:55

🙏 మాస్టారూ

---

మినిట్స్ మూర్తి | సోమవారం, రాత్రి 9:20

మాస్టారూ, మొత్తంతో సరిచూడటం మంచి అలవాటే. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. బెంగళూరు 650 ఎర్ర పెన్నుతో ఉంది, కింద ఇంకేదో ఉందంటున్నారు. అంటే తర్వాత దిద్దారు. మొత్తం 5,750 దిద్దక ముందు వేసిందా, దిద్దాక వేసిందా? ముందు వేసిందయితే మీ తీసివేతలో 650 పెట్టకూడదు, కింద ఉన్న పాత అంకె పెట్టాలి.

పల్లవి గారూ, ఆ ఎరుపు కింద ఏముందో కనపడుతోందా?

---

బెజవాడ పల్లవి | సోమవారం, రాత్రి 9:26

లేదండీ. ఎరుపూ నీలం కలిసిపోయి ఊదారంగు ముద్దలా ఉంది. చివర 50 మాత్రం నీలంగానే ఉంది.

---

పిక్సెల్ పిచ్చోడు | సోమవారం, రాత్రి 10:05

ఇది నా ఏరియా. రంగుల ఫోటో అంటే నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విడి ఫోటోలు. ఎర్ర సిరా ఎర్ర వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి ఎరుపు ఫోటో ఒక్కటే చూస్తే ఎర్ర రాత బోర్డులాగే తెల్లగా ఉండి మాయమైపోతుంది. నీలం సిరా ఎర్ర వెలుగును మింగేస్తుంది, అందుకని అది నల్లగా నిలబడుతుంది. అంటే పైన దిద్దిన ఎరుపు తొలగి కింది నీలం బయటపడుతుంది. ల్యాప్‌టాప్‌లో ImageMagick ఉంటే:

```
magick board.jpg -channel R -separate red.png
```

అది లేకపోతే ఫోన్‌లో స్నాప్‌సీడ్ తెరిచి, బ్లాక్ అండ్ వైట్‌లోకి వెళ్ళి ఎర్ర ఫిల్టర్ పెట్టండి. దాదాపు అదే ఫలితం.

ఉల్టా కేసు కూడా చెబుతా. ఎర్ర పెన్ను అయిపోయి రాత వెలిసిపోయినట్టుంటే పైన R బదులు B పెట్టండి. ఎరుపు అందులో నల్లగా తేలుతుంది.

రెండు షరతులు. డస్టర్‌తో తుడిచి ఆ పైన రాసి ఉంటే కింద చూడటానికి ఏమీ మిగలదు. ఫోటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చినదైతే కుదించుకుపోయి ఉంటుంది, రంగుల అంచులు కలిసిపోతాయి. మీ ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు మీదే చేయండి.

---

బెజవాడ పల్లవి | సోమవారం, రాత్రి 10:31

అబ్బ! వచ్చింది!! ఎరుపు మొత్తం మాయమై కింద నీలంలో 550 కనిపిస్తోంది. మొదటి 5 మీదే ఎర్రగా 6 దిద్దారు. అదృష్టం, తుడవకుండా పైన రాశారు.

అంటే 2,400, 900, 550 కలిపితే 3,850. 5,750లోంచి తీస్తే 1,900. మొత్తం కూడా నీలం పెన్నుతోనే ఉంది, అంటే దిద్దకముందు వేసిందే. కాబట్టి విజయవాడ 1,900. అంతేనా?

---

లెక్కల మాస్టారు | సోమవారం, రాత్రి 10:44

ఊఁ. ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. అయితే ఆ గుండ్రటి గీత సంగతి? 8కీ పైన సున్నా ఉంటుంది, 9కీ ఉంటుంది. అదేం తేల్చదు.

---

పిక్సెల్ పిచ్చోడు | సోమవారం, రాత్రి 10:50

వైజాగ్ 900లో బోర్డు రాసినాయన చేతి 9 ఉంది కదా, దానితో పోల్చండి. రాసే మనిషిని బట్టి 9 పై సున్నా ఒక్కోలా ఉంటుంది.

---

బెజవాడ పల్లవి | సోమవారం, రాత్రి 11:02

పోల్చాను. ఆయన 9కి పైన కోడిగుడ్డులా ఉంది. వెలుగు పట్టీ అంచులో కనిపించేది కూడా అలాగే ఉంది. కానీ ఆయన రాసిన 8 బోర్డు మీద ఎక్కడా లేదు, దానితో పోల్చలేకపోయాను. 8 కూడా అలాగే రాస్తారేమో.

---

మినిట్స్ మూర్తి | సోమవారం, రాత్రి 11:10

మీకు ఈ పని వస్తుంది. ఆ చివరి వాక్యం రాసినందుకు అంటున్నాను. ఇక పడుకోండి, రేపు మనుషుల్ని అడగాలి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఇప్పటివరకు 1,900 అనేది మీరు తేల్చిన లెక్క, బోర్డు మీద చదివినది కాదు.

---

శాసనాల చంద్రం | మంగళవారం, ఉదయం 6:15

పొద్దున్నే ఈ దారం మొత్తం చదివాను. నేను ఎం.ఏ.లో శాసనాలు చదువుకున్నవాణ్ణి, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నా ఆ పిచ్చి పోలేదు. మీరు చేస్తున్నది అచ్చం అదే పని.

రాయి మీద అక్షరం అరిగిపోయినప్పుడు మా గురువుగారు రెండే అనేవారు. ఒకటి, ఏటవాలు వెలుగులో చూడు. మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉన్నప్పుడు కనిపించని గీత సాయంత్రం ఎండలో నీడ పడి కనిపిస్తుంది. రెండు, నువ్వు ఊహించిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టు. ప్రచురించిన శాసన పాఠాలు తెరిచి చూడండి, సగం బ్రాకెట్లే ఉంటాయి. బ్రాకెట్ లేకుండా ఊహించిన అక్షరం వేస్తే ఆ తర్వాత వచ్చినవాడు అది రాయి మీద ఉందనుకుని దాని మీద ఇంకో ఊహ కడతాడు. మూడో తరానికి అది చరిత్ర అయిపోతుంది.

మీ నోట్సులో కూడా అదే జరుగుతుంది. స్టోర్స్ వాళ్ళు మీ కాగితం చూసి సీసాలు కడుగుతారు, బోర్డు చూసి కాదు.

(వైజాగ్ దగ్గర మా ఊరి గుడిలో ఒక రాయి ఉంది, దాని మీద సున్నం పూశారు. దాన్ని తీయడం ఎలాగో ఎవరికైనా తెలుసా? వేరే దారం మొదలుపెట్టమంటే పెడతాను.)

---

తుడుపుగుడ్డ | మంగళవారం, ఉదయం 6:50

సున్నానికి స్పిరిట్ పనికిరాదు సార్. నిమ్మరసం.

---

శాసనాల చంద్రం | మంగళవారం, ఉదయం 6:52

అయ్యా, దయచేసి వద్దు!! రాయి పాడవుతుంది. పులుపు తగలకూడదు. పురావస్తు శాఖవాళ్ళకే చెబుతాను.

---

బెజవాడ పల్లవి | మంగళవారం, ఉదయం 8:30

చంద్రం గారూ, బాగా చెప్పారు. అయితే నేను అనుమానం ఉన్నచోటల్లా పక్కన "?" పెట్టి పంపేయనా? పొట్టిగా ఉంటుంది.

---

మినిట్స్ మూర్తి | మంగళవారం, ఉదయం 8:48

మీ బోర్డు మీదే "నూనె రేటు ?" అని ఉంది, చూశారా. ఆ ప్రశ్నార్థకం రాసింది మీటింగు, అంటే రేటు ఇంకా తేలలేదని. మీరు కూడా అదే గుర్తు వాడితే చదివేవాళ్ళకి ఏ అనుమానం ఎవరిదో తెలియదు. మీటింగులో తేలనిది వేరు, మీకు కనపడనిది వేరు. మొదటిదానికి సార్ నిర్ణయం కావాలి, రెండోదానికి ఎవరో ఒకరి జ్ఞాపకం చాలు.

అందుకని మాటల్లోనే రాయండి. [చదవలేకపోయాను], [బహుశా 1,900, మొత్తంలోంచి లెక్కకట్టింది] ఇలా. ఊహకు ఆధారం ఏమిటో అక్కడే ఒక ముక్క ఉండాలి. ఉత్త "బహుశా" అంటే చదివేవాడు దాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోలేడు.

ఇంకోటి, ఆ కుడి మూల "మూతలు 12,0.." నిన్నటి మీటింగుదేనా? సగం చెరిగిందంటే పాతది కావచ్చు. పెన్ను రంగు, రాత మిగతావాటితో కలుస్తున్నాయా చూడండి.

---

బెజవాడ పల్లవి | మంగళవారం, ఉదయం 9:15

చూశాను. ఆ మూల రాత ఆకుపచ్చ పెన్ను, నిన్న ఎవరూ ఆకుపచ్చ వాడలేదు. పర్చేజ్‌లో అడిగితే నవ్వారు, పోయిన నెలదట. నేను దాన్ని "మూతలు 12,000 ఆర్డర్" అని పనుల జాబితాలో రాసి పెట్టుకున్నాను కూడా! పంపి ఉంటే మళ్ళీ పన్నెండు వేల మూతలు వచ్చి పడేవి.

---

బెజవాడ పల్లవి | మంగళవారం, ఉదయం 9:40

ఇప్పుడే ఆఫీస్ గ్రూపులో అడిగాను: "నిన్న విజయవాడకి 1,900 కదండీ?" నిమిషంలో మూడు 👍 వచ్చాయి. హమ్మయ్య, అయిపోయింది.

---

మినిట్స్ మూర్తి | మంగళవారం, ఉదయం 9:55

అయ్యో, అలా అడగకూడదమ్మా. జవాబు మీరే ఇచ్చి "కదండీ" అన్నారు. పనిలో ఉన్నవాడు ఫోన్ చూసి బొటనవేలు నొక్కుతాడు. అక్కడ 1,700 అని రాసినా మూడు 👍 వచ్చేవి. అందులోనూ ఒకరు నొక్కాక మిగతావాళ్ళు కాదనరు.

విడివిడిగా, ఒక్కొక్కరినీ, అంకె చెప్పకుండా "విజయవాడకి చివరికి ఎన్ని అనుకున్నాం సార్?" అని అడగండి. ముందు ఆ అంకెతో పని ఉన్నవాళ్ళని. పంపేవాడికి, అమ్మేవాడికి గుర్తుంటుంది, వినేవాడికి ఉండదు.

---

డల్లాస్ కుర్రాడు | మంగళవారం, ఉదయం 10:20

ఇక్కడ రాత్రి, నిద్రపట్టక చదువుతున్నా. ఎవరూ అడగలేదేంటి, మీటింగులో ఇంకెవరైనా ఫోటో తీశారా? వెలుగు పట్టీ ఎక్కడ పడుతుందన్నది నిలబడిన చోటును బట్టి ఉంటుంది. రెండడుగులు పక్కకి జరిగి తీసినవాడి ఫోటోలో ఆ పట్టీ వేరే లైను మీద ఉంటుంది. పల్లవి గారి ఫోటోలో చచ్చిన అంకె వాళ్ళ ఫోటోలో బతికే ఉంటుంది.

ఐఫోన్‌తో లైవ్ ఫోటో తీసి ఉంటే ఇంకా మంచిది. నొక్కడానికి ముందు ఒకటిన్నర సెకను, తర్వాత ఒకటిన్నర సెకను వీడియో అందులో ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడు పట్టీ కూడా కదులుతుంది. ఆ ఫ్రేములు అంత స్పష్టంగా ఉండవు గానీ బోర్డు అంకెకి చాలు. ఫోటో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి.

---

బెజవాడ పల్లవి | మంగళవారం, మధ్యాహ్నం 1:35

చాలా సంగతులున్నాయి. ఓపిగ్గా చదవండి.

అకౌంట్స్ సార్ దగ్గర ఒక ఫోటో దొరికింది! పక్క కుర్చీలోంచి తీసింది, లైటు పట్టీ హైదరాబాద్ మీద పడింది, విజయవాడ స్పష్టంగా ఉంది. 1,900. బెంగళూరు 550. మొత్తం 5,750. అంటే మన లెక్క సరిపోయింది. నేను ఎగిరి గంతేశాను.

తర్వాత మూర్తి గారు చెప్పినట్టు విడివిడిగా అడిగాను. స్టోర్స్ ఆయన "పంతొమ్మిది వందలు" అన్నారు. సేల్స్ ఆయన మాత్రం "పద్దెనిమిది వందలు" అన్నారు, ఏమాత్రం ఆలోచించకుండా.

ఇప్పుడేం చేయాలి? ఫోటో ఉంది, స్టోర్స్ ఆయన మాట ఉంది. సేల్స్ ఆయన పొరబడ్డారనుకోనా?

---

లెక్కల మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:50

ఫోటో అబద్ధం చెప్పదు. 1,900.

---

పిక్సెల్ పిచ్చోడు | మంగళవారం, మధ్యాహ్నం 1:58

ఆగండాగండి. అకౌంట్స్ సార్ ఫోటోలో బెంగళూరు 550 అంటే అది ఎర్ర పెన్ను రాకముందు తీసింది! ఫోటో వివరాల్లో టైమ్ చూడండి, మీ ఫోటోకి ఎంత ముందు?

---

బెజవాడ పల్లవి | మంగళవారం, మధ్యాహ్నం 2:04

ఆయనది 2:51. నాది 3:20.

---

మినిట్స్ మూర్తి | మంగళవారం, మధ్యాహ్నం 2:15

అరగంట తేడా. ఇప్పుడు ఇది చూడండి. 2:51కి 2,400, 1,900, 900, 550. మొత్తం 5,750. తర్వాత బెంగళూరుకి వంద పెంచారు. ఆ వంద ఎక్కడి నుంచి వచ్చింది? తయారయ్యేది 5,750 సీసాలే అయితే ఎక్కడో ఒక వంద తగ్గాలి. విజయవాడలోంచి తీస్తే 2,400, 1,800, 900, 650. కలపండి. మళ్ళీ 5,750!

అందుకే మొత్తం దిద్దలేదు. దిద్దే అవసరమే రాలేదు. మాస్టారి మొదటి లెక్కా సరిపోతుంది, నిన్న రాత్రి మనం వేసిన లెక్కా సరిపోతుంది. మొత్తం నీలంగా ఉంది కాబట్టి దిద్దకముందుది అన్నాం, నేను కూడా దానికి తల ఊపాను. అది నిజమే గానీ దాని వల్ల ఏమీ తేలలేదు.

సేల్స్ ఆయన్ని మళ్ళీ అడగండి. ఈసారి కూడా అంకె చెప్పొద్దు. "బెంగళూరు ఎందుకు మారింది సార్?" అనండి చాలు.

---

బెజవాడ పల్లవి | మంగళవారం, సాయంత్రం 4:10

అడిగాను. ఆయన అన్నది దాదాపు ఇలాగే: "బెంగళూరు డీలర్ ఫోన్ చేసి ఇంకో వంద కావాలన్నాడు. విజయవాడ మనకి దగ్గరే, తక్కువపడితే ఆటోలో పంపొచ్చు, అందుకని అక్కడ వంద తీసేశాం. నేనే దిద్దాను."

స్టోర్స్ ఆయన్ని అడిగితే, మూడు గంటలకి లారీ వచ్చిందని మధ్యలో లేచి వెళ్ళిపోయారట. ఆయన విన్నంతవరకు ఆయన చెప్పింది నిజమే.

అంటే 1,800. పొద్దున గ్రూపులో నేను 1,900 అంటే 👍 పెట్టిన ముగ్గురిలో సేల్స్ ఆయన కూడా ఉన్నారు!!

---

స్కాన్‌రాజా | మంగళవారం, సాయంత్రం 4:14

నిన్న 6:33కే చెప్పాను. నా యాప్ చెప్పింది. పందెం డబ్బులు ఎవరిస్తారు?

---

మినిట్స్ మూర్తి | మంగళవారం, సాయంత్రం 4:40

రాజా, అది 9 అయి ఉన్నా నీ యాప్ 8 అనే చూపించేది. సరే, టీ నా తరఫున.

---

డల్లాస్ కుర్రాడు | మంగళవారం, సాయంత్రం 5:05

ఒక మాట. మీ ఫోటోలో ఆ అంకెని కూడా ఎర్ర పెన్నుతో దిద్ది ఉండాలి కదా? పట్టీ అంచులో కనిపించిన గీత నీలమా, ఎరుపా?

---

బెజవాడ పల్లవి | మంగళవారం, సాయంత్రం 5:30

ఇప్పుడు చూశాను. నీలమే. అదే నాకూ అర్థం కాలేదు. 9 కింద సున్నా చుట్టి 8 చేసి ఉంటే ఎరుపు పట్టీ లోపలే పడిపోయి ఉండొచ్చు. లేదా బోర్డు మీద అసలు దిద్దకుండా నోటితో అనుకుని ఉండొచ్చు. సేల్స్ ఆయన "రెండూ దిద్దాననే గుర్తు" అన్నారు. అంతకన్నా తెలియదు.

---

పిక్సెల్ పిచ్చోడు | మంగళవారం, సాయంత్రం 5:41

ఎర్ర ఛానెల్‌లో ఆ గీత నల్లగా నిలిచింది కాబట్టి పై సున్నా నీలం అన్నది ఖాయం. కింద సగం సంగతి ఆ ఫోటో ఎప్పటికీ చెప్పదు.

---

బెజవాడ పల్లవి | మంగళవారం, సాయంత్రం 6:20

సార్‌కి పంపాల్సింది ఇలా రాశాను. పొద్దున్నకి ఇవ్వాల్సింది సాయంత్రమైంది, ఆలస్యానికి కారణం కూడా చెప్పాను. ఒకసారి చూసి చెప్పండి.

```
నిర్ణయాలు
  హైదరాబాద్   2,400
  విజయవాడ    1,800  [ఫోటోలో వందల అంకె కనపడలేదు. 2:51 ఫోటోలో
                     1,900. తర్వాత బెంగళూరు కోసం 100 తగ్గించామని
                     సేల్స్ మంగళవారం చెప్పారు]
  వైజాగ్        900
  బెంగళూరు     650  (ముందు 550)
  మొత్తం      5,750

పనులు
  లేబుల్ ప్రూఫ్: మంగళవారం [ఎవరు చేయాలో బోర్డు మీద లేదు]
  "ర": శుక్రవారం [ర అంటే ఎవరో / ఏమిటో తెలియలేదు]

మీటింగులో తేలనివి
  నూనె రేటు

చదవలేకపోయినవి
  "2 విడతలు": బాణం విజయవాడదో వైజాగ్‌దో స్పష్టంగా లేదు

వదిలేసినవి
  కుడి మూల "మూతలు 12,0..": పోయిన నెలది (పర్చేజ్ చెప్పారు)

జతచేసినవి: 2:51 ఫోటో, 3:20 ఫోటో (రెండూ అసలు ఫైళ్ళు)
```

---

మినిట్స్ మూర్తి | మంగళవారం, సాయంత్రం 6:45

బాగుంది. ఒక్క మార్పు. విజయవాడ పక్కన ఉన్న అంత కథ స్టోర్స్ వాళ్ళు చదవరు. అంకె పక్కన [సేల్స్ ధృవీకరించారు, కింద చూడండి] అని పెట్టి, కథ అడుగుకి దించండి. అంకె ఒంటరిగా కనపడాలి. ఇంకా, స్టోర్స్ ఆయనకి ఈ ఒక్క లైను ఫోన్ చేసి చెప్పండి. ఆయన బుర్రలో 1,900 ఉంది, కాగితం చూసి కూడా అదే అనుకుంటారు.

---

లెక్కల మాస్టారు | మంగళవారం, సాయంత్రం 7:02

"ర" అంటే రవాణా అయి ఉంటుంది. శుక్రవారం లారీ.

---

బెజవాడ పల్లవి | మంగళవారం, సాయంత్రం 7:10

నేనూ అలాగే అనుకున్నా మాస్టారూ. కానీ మా ఆఫీసులో ర తో మొదలయ్యే పేర్లు ఇద్దరివి ఉన్నాయి. ఒకరిని అడిగితే "నాకు శుక్రవారం పనేమీ చెప్పలేదు" అన్నారు. ఇంకొకరు సెలవులో ఉన్నారు, గురువారం వస్తారు. అది రాసిన సార్‌ని అడిగితే ఆయన ఫోటోని చాలాసేపు చూసి, "ఇది నేనే రాశానా?" అన్నారు.

---

శాసనాల చంద్రం | మంగళవారం, రాత్రి 7:30

శాసనం చెక్కినవాణ్ణి లేపి అడిగే అవకాశం మాకు లేదని ఇన్నాళ్ళూ బాధపడేవాణ్ణి.

---

బెజవాడ పల్లవి | గురువారం, ఉదయం 11:15

చిన్న అప్‌డేట్. సెలవు నుంచి వచ్చినావిడకి కూడా తెలియదట. బ్రాకెట్ అలాగే ఉంచాను. శుక్రవారానికి లారీ మాత్రం ఎందుకైనా మంచిదని బుక్ చేశారు. బాణం సంగతి తేలింది, రెండు విడతలు వైజాగ్‌కట, అక్కడి గోడౌన్ చిన్నదని. స్టోర్స్ ఆయనకి ఫోన్ చేస్తే అప్పటికే విజయవాడకి 1,900 సీసాల లెక్కన లేబుళ్ళు లెక్కపెట్టి పక్కన పెట్టారు, వంద వెనక్కి తీశారు.

---

తుడుపుగుడ్డ | గురువారం, ఉదయం 11:40

పల్లవమ్మా, ఇంతకీ ఆ బోర్డు తుడిచిన కుర్రాడు ఏది వాడాడు? మరక కూడా మిగల్చలేదంటున్నావు కదా.